రాత్రి తోడు, తెల్లవారి పెరుగు

కాచి చల్లార్చిన గోరువెచ్చని పాలలో రాత్రి తొమ్మిది గంటలకు ఒక చెంచా పెరుగు కలిపి మూతపెడితే, తెల్లవారి ఆరు గంటలకల్లా గిన్నెలో గరిటెకు తెగే గడ్డ పెరుగు సిద్ధమవుతుంది. ఈ మార్పు రాత్రంతా ఒకే వేగంతో, కొంచెం కొంచెంగా జరుగుతుందని చాలామంది భావిస్తారు. అయితే అదే గిన్నె మూతను రాత్రి రెండు గంటలకు తీసి చూసినవారికి పాలే కనిపిస్తాయి. వంచితే పాలలాగే జారుతాయి, రుచిలో కూడా చెప్పుకోదగిన తేడా ఉండదు. గడ్డకట్టే పని దాదాపు అంతా తెల్లవారుజామున, చివరి రెండు మూడు గంటలలోనే జరుగుతుంది. మొదటి ఐదారు గంటలపాటు ఆ గిన్నెలో ఏం జరుగుతుందో, చివరి గంటలలో అంత త్వరగా పాలు ఎందుకు బిగుసుకుంటాయో తెలుసుకుంటే, పెరుగు ఒకరోజు కమ్మగా, మరొకరోజు పుల్లగా, ఇంకొకరోజు పలచగా రావడానికి గల కారణాలు చాలావరకు బోధపడతాయి.

ముందుగా పాలలో ఏముందో గమనించాలి. ఆవుపాలలో నూటికి 87 పాళ్లు, గేదెపాలలో నూటికి 82, 83 పాళ్లు నీరే. ఆ నీటిలో వెన్న చిన్న చిన్న బొట్లుగా తేలుతుంది. ల్యాక్టోజ్ అనే చక్కెర పూర్తిగా కరిగి ఉంటుంది. గ్లూకోజ్, గాలక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు జతకూడితే ఏర్పడేదే ఈ ల్యాక్టోజ్. అర లీటరు పాలలో ఇది సుమారు 24 గ్రాములు ఉంటుంది. పెరుగు గడ్డకట్టడానికి మూలమైన పదార్థం మాత్రం కేసీన్ అనే ప్రోటీన్. అది నీటిలో విడివిడిగా కరిగి ఉండదు. వేలకొద్దీ కేసీన్ అణువులు కాల్షియం ఫాస్ఫేట్ అనే ఖనిజం సాయంతో ఒక్కటై, సూక్ష్మమైన ఉండలుగా ఏర్పడి పాలంతటా వ్యాపించి ఉంటాయి. ఒక్కొక్క ఉండ వ్యాసం మిల్లీమీటరులో పదివేలో వంతు నుంచి ఐదువేలో వంతు వరకు ఉంటుంది. పాలకు ఆ తెల్లదనం రావడానికి, వెలుగును నలుదిక్కులకూ చెదరగొట్టే ఈ ఉండలూ, వెన్న బొట్లూ కారణం.

ఈ కేసీన్ ఉండ పైభాగం కదంబ పువ్వులా ఉంటుంది. గుండ్రని బంతి చుట్టూ కేసరాలు నిక్కబొడుచుకున్నట్టు, ప్రతి ఉండ చుట్టూ ప్రోటీన్ పోగులు బయటికి పొడుచుకొని ఉంటాయి. ఆ పోగులమీద రుణ విద్యుదావేశం ఉంటుంది. ఒకే రకమైన ఆవేశం గలవి ఒకదానినొకటి నెట్టివేస్తాయి కనుక, రెండు ఉండలు దగ్గరికి వచ్చినా అంటుకోకుండా విడిపోతాయి. పాలు పాలుగా నిలవడానికి ఈ వికర్షణే ఆధారం. దీనిని తొలగించే శక్తి ఆమ్లానికి, అంటే పులుపుకు ఉంది. ఆ ఆమ్లాన్ని తయారుచేసేవే తోడులోని బ్యాక్టీరియా.

ఇంట్లో తోడుకు వాడే చెంచా పెరుగులో ఒకే జాతి బ్యాక్టీరియా ఉండదు. దానిలో సాధారణంగా ల్యాక్టోకాకస్ ల్యాక్టిస్ ఉంటుంది; ఇది గుండ్రని ఆకారంలో జంటలుగా, చిన్న గొలుసులుగా కనిపిస్తుంది, సుమారు 30 డిగ్రీల వేడిలో బాగా పెరుగుతుంది. కొంచెం ఎక్కువ వేడిని, అంటే 40 డిగ్రీలకు అటూ ఇటూ ఉండే వేడిని ఇష్టపడే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ కూడా తరచుగా ఉంటుంది. వీటితోపాటు కర్రల ఆకారంలో ఉండే ల్యాక్టోబాసిల్లస్ జాతులు, మంచి వాసననిచ్చే లూకోనాస్టాక్ జాతులు, అప్పుడప్పుడు ఈస్టులు కూడా చేరతాయి. ఏ ఇంటి తోడులో ఏవి ఎంత పాలు ఉంటాయన్నది ఆ ఇంటి వేడిమిపై, వాడిన పాలపై, తోడును ఎన్ని రోజులు నిల్వ ఉంచారన్నదానిపై ఆధారపడుతుంది. తోడు దొరకనప్పుడు గోరువెచ్చని పాలలో పచ్చిమిరపకాయ తొడిమలు వేసే పద్ధతి తెలుగు ఇళ్లలో చాలామందికి తెలిసిందే; తొడిమల పైన సహజంగా నివసించే ఈ వర్గపు బ్యాక్టీరియాయే అక్కడ తోడుగా పనిచేస్తుంది. అయితే వాటి సంఖ్య తక్కువ కనుక అలా చేసిన మొదటి పెరుగు ఆలస్యంగా, పలచగా వస్తుంది. దానినే మళ్లీ తోడుగా వాడితే రెండోసారికి, మూడోసారికి గట్టిపడుతుంది.

పాలలో చేరిన బ్యాక్టీరియా ల్యాక్టోజును కణంలోపలికి తీసుకొని, ఎంజైము సాయంతో రెండు ముక్కలుగా విరుస్తుంది. అలా వచ్చిన గ్లూకోజును ఇంకా చిన్న ముక్కలుగా విడగొట్టి, ఆ క్రమంలో వెలువడే కొద్దిపాటి శక్తితో బతుకుతుంది, విభజన చెందుతుంది. గ్లూకోజును విరిచేటప్పుడు బయటపడే హైడ్రోజన్‌ను ఏదో ఒక పదార్థం స్వీకరించకపోతే ఈ పని మధ్యలోనే ఆగిపోతుంది. మనుషుల కణాలు ఊపిరి ద్వారా అందిన ఆక్సిజన్‌కు దానిని అప్పగిస్తాయి. ఈ బ్యాక్టీరియాకు ఆ ఏర్పాటు లేదు కనుక, గ్లూకోజు విరిగితే వచ్చిన పైరువిక్ ఆమ్లానికే ఆ హైడ్రోజన్‌ను తగిలించి, ల్యాక్టిక్ ఆమ్లంగా మార్చి కణం బయటికి పంపుతాయి. ఆక్సిజన్ అవసరం లేకుండా చక్కెర నుంచి శక్తిని పొందే ఈ పద్ధతినే కిణ్వనం, అంటే పులియడం, అంటారు. పెరుగుకు పులుపునిచ్చే ల్యాక్టిక్ ఆమ్లం ఆ కణాలు వదిలించుకున్న వ్యర్థ పదార్థమే.

ఇక లెక్కకు వస్తే, అర లీటరు పాలలో ఐదు గ్రాముల పెరుగు కలిపినప్పుడు, పెరుగులో ఉన్న బ్యాక్టీరియా నూరు రెట్లు పలచబడినట్టు. మంచి పెరుగు ఒక గ్రాములో పది కోట్ల నుంచి వంద కోట్ల వరకు బ్యాక్టీరియా ఉంటుంది. మధ్యస్థంగా 50 కోట్లు అనుకుంటే, తోడు కలిపిన క్షణంలో గిన్నెలోని ప్రతి మిల్లీలీటరు పాలలో సుమారు 50 లక్షలు ఉన్నట్టు లెక్క. సామాన్యులకు ఇది చాలా పెద్ద సంఖ్యగా తోచినా, పాలను పుల్లబరచడానికి చాలదు. కొత్త పాలకు, కొత్త వేడికి అలవాటుపడేందుకు ఈ కణాలకు గంటో, అంతకు కొంచెం ఎక్కువో పడుతుంది. ఆ తర్వాత ఒక్కో కణం రెండవుతుంది, ఆ రెండూ నాలుగవుతాయి. సుమారు 30 డిగ్రీల వేడిలో ఇలా రెట్టింపు కావడానికి దాదాపు గంట పడుతుందనుకుంటే, ఏడుసార్లు రెట్టింపయ్యేసరికి సంఖ్య 128 రెట్లకు చేరుతుంది. అంటే తోడులో ఉన్నంత సాంద్రత మళ్లీ గిన్నె అంతటా ఏర్పడుతుంది. తొమ్మిది గంటలకు తోడు వేస్తే పదింటికి పెరుగుదల మొదలై, తెల్లవారుజామున ఐదింటికి ఏడో రెట్టింపు పూర్తవుతుంది. పెరుగు రాత్రిపూట తోడుకోవడానికి చీకటితో సంబంధం లేదు. ఒక చెంచా తోడుకూ, ఏడు రెట్టింపులకూ, గది వేడికీ కుదిరిన లెక్క సరిగ్గా ఒక రాత్రి నిడివి ఉండటమే కారణం.

రాత్రి రెండు గంటలకు నాలుగు రెట్టింపులు మాత్రమే పూర్తవుతాయి. అప్పటికి గిన్నెలో ఉన్న బ్యాక్టీరియా తెల్లవారేసరికి ఉండబోయే సంఖ్యలో ఎనిమిదో వంతు; అవి తయారుచేసిన ఆమ్లం కూడా ఇంచుమించు ఆ పాటిదే. మిగిలిన ఏడు వంతుల పని చివరి మూడు గంటలలో జరుగుతుంది. ఇది సుమారు లెక్కే. చివరిలో పులుపు పెరిగేకొద్దీ కణాల వేగం తగ్గుతుంది కనుక వాస్తవంలో అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. అయినా చలికాలంలో పెరుగు తోడుకోవడం లేదని ఒక చెంచాకు బదులు రెండు చెంచాలు వేసేవారికి ఈ లెక్క ఎంతో ఉపయోగపడుతుంది. తోడును రెట్టింపు చేస్తే ఒక్క రెట్టింపు కాలం, అంటే గంటసేపు, మాత్రమే కలిసివస్తుంది. వేడి 30 డిగ్రీల నుంచి 20 డిగ్రీలకు పడిపోతే మాత్రం ప్రతి రెట్టింపుకూ పట్టే కాలం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. కాబట్టి చలి రోజుల్లో ఆదిలాబాద్ వంటి చోట్ల గిన్నెకు గుడ్డ చుట్టడం, బియ్యం డబ్బాలో పెట్టడం వంటి పద్ధతులు అదనపు చెంచా తోడుకంటే ఎన్నో రెట్లు మేలు చేస్తాయి. తోడు మరీ ఎక్కువైతే దానితోపాటు పాత పులుపు కూడా వచ్చి చేరుతుంది.

తోడు ఎంత తక్కువైనా కాలం మాత్రమే మారుతుందని ప్రయోగంతో నిరూపించినవాడు జోసెఫ్ లిస్టర్. పాలు పులియడం ప్రాణుల పనేనని అంతకుముందు 1857లో లూయీ పాశ్చర్ వెల్లడించినా, ఆ ప్రాణులలో ఒక్క జాతినే విడిగా తీసి చూపడం ఎవరికీ సాధ్యపడలేదు. శస్త్రచికిత్సలో క్రిమినాశక పద్ధతులను ప్రవేశపెట్టిన లిస్టర్, పులిసిన పాలను నీటితో ఎంతగా పలచబరిచాడంటే, ఒక సూక్ష్మమైన బొట్టులో సగటున ఒకే ఒక బ్యాక్టీరియా ఉండేటట్టు లెక్కగట్టాడు. అటువంటి బొట్లను కాచిన పాలు ఉన్న గాజు పాత్రలలో వేశాడు. కొన్ని పాత్రలలో పాలు పాలుగానే మిగిలాయి, గడ్డకట్టిన పాత్రలో మాత్రం ఆ ఒక్క రకం బ్యాక్టీరియాయే కనిపించింది. 1878లో వెలువడిన ఈ ప్రయోగ ఫలితంతో, ఒక బ్యాక్టీరియాను ఇతర జాతుల కలయిక లేకుండా శుద్ధంగా పెంచడం తొలిసారి సాధ్యమైంది. నేడు ల్యాక్టోకాకస్ ల్యాక్టిస్ అని పిలుస్తున్నది ఆ బ్యాక్టీరియానే.

ఆమ్లం పెరిగేకొద్దీ కేసీన్ ఉండలకు ఏమవుతుందన్నది తరువాతి విషయం. ఆమ్లత్వాన్ని పీహెచ్ అనే కొలతతో చెబుతారు. అంకె తగ్గిన కొద్దీ పులుపు పెరిగినట్టు, ఒక అంకె తగ్గితే పులుపు పది రెట్లు పెరిగినట్టు. తాజా పాల పీహెచ్ సుమారు 6.7. అది 6 కంటే కిందికి దిగుతుండగా, ఉండలోపల కేసీన్‌ను పట్టి ఉంచిన కాల్షియం ఫాస్ఫేట్ కొంచెం కొంచెంగా కరిగి నీటిలోకి చేరుతుంది. ఉండలు లోపల వదులవుతాయి. అదే సమయంలో పైపోగుల మీది రుణావేశాన్ని ఆమ్లం తటస్థపరుస్తుంది. పీహెచ్ 5.2 దగ్గరికి వచ్చేసరికి కాచిన పాలలోని ఉండలు ఒకదానినొకటి నెట్టివేయడం మాని అంటుకోవడం మొదలుపెడతాయి, 4.6 వద్ద ఆవేశం పూర్తిగా సమసిపోతుంది. ఉండకు ఉండ తగిలి గొలుసులై, గొలుసులు అన్ని దిక్కులకూ అల్లుకొని గిన్నె అంతా ఒకే వలగా మారుతుంది. అప్పటివరకు జారే పాలుగా ఉన్న నీరు, వెన్న, మిగిలిన చక్కెర ఆ వల కళ్లలో చిక్కుకొని కదలకుండా నిలుస్తాయి. పెరుగులో కూడా నీరు పాలలో ఉన్నంత ఉంటుంది. అది పారే వీలు మాత్రం పోతుంది.

నిమ్మరసం పిండినా పాలలో ఆమ్లమే చేరుతుంది, కాని అక్కడ పెరుగు రాదు, పాలు విరుగుతాయి. వేడి పాలలో ఒక్కసారిగా చేరిన ఆమ్లం రసం పడ్డ చోట ఎక్కువగా, మిగతా చోట్ల తక్కువగా ఉండి, కేసీన్ ఉండలు వల అల్లుకునే వ్యవధి లేక గుంపులుగా ముడుచుకుపోయి నీటిని వదిలేస్తాయి. బ్యాక్టీరియా పాలలోని ప్రతి బొట్టులోనూ ఉండి, గంటలకొద్దీ, నెమ్మదిగా, అంతటా సమానంగా ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. పెరుగు నునుపు అంతా ఈ సమత్వం వల్ల వచ్చిందే. అందుకే తోడును పాలలో బాగా కలపాలి. తోడుకుంటున్న వేళ గిన్నెను కదపకూడదు. సగం అల్లుకున్న వల కదిలితే తెగుతుంది, తెగిన చోట్ల పచ్చని తేట నీరు ఊరుతుంది.

పాలను ముందుగా కాచడం వెనుక కూడా ఇదే వల ఉంది. పచ్చి పాలలో ఉండే ఇతర సూక్ష్మజీవులను చంపి తోడుకు పోటీ లేకుండా చేయడం కాచడంలోని ఒక ప్రయోజనం. అంతకన్నా తక్కువ మందికి తెలిసినది రెండో ప్రయోజనం: పాలలో కేసీన్ కాక తేట ప్రోటీన్లు అనే మరో వర్గం ఉంది, 80 డిగ్రీలకు పైబడిన వేడిలో కొన్ని నిమిషాలు ఉంచితే అవి తమ సహజమైన మడతలు విప్పుకొని కేసీన్ ఉండల పైభాగానికి అతుక్కుంటాయి. తరువాత ఉండలు కలిసేటప్పుడు ఈ ప్రోటీన్లు వాటి మధ్య అదనపు ముడులుగా పనిచేసి, వలను బిగువుగా చేసి, నీరు కారకుండా పట్టి ఉంచుతాయి. పాల కేంద్రాలలో ప్యాకెట్ పాలను సాధారణంగా 72 డిగ్రీల వద్ద కొన్ని సెకన్లు మాత్రమే ఉంచుతారు. రోగకారక సూక్ష్మజీవులు నశించడానికి అది చాలుతుంది, తేట ప్రోటీన్లు విప్పుకోవడానికి చాలదు. కనుక ప్యాకెట్ పాలను కూడా పెరుగు కోసం ఇంట్లో మళ్లీ కాచి, పొంగిన తరువాత సన్నని సెగమీద కొంతసేపు ఉంచడంలో అర్థం ఉంది.

బ్యాక్టీరియాల మధ్య జరిగే సహకారం కూడా గమనించదగినది. పాలలో చక్కెర సమృద్ధిగా ఉన్నా, కణాలు పెరగడానికి కావలసిన అమైనో ఆమ్లాలు విడిగా చాలా తక్కువ. అవి కేసీన్‌లో బంధించబడి ఉంటాయి. ల్యాక్టోబాసిల్లస్ బల్గారికస్ అనే కర్ర ఆకారపు బ్యాక్టీరియా కేసీన్‌ను ముక్కలు చేయగలదు. ఆ ముక్కలలో కొన్ని పక్కనున్న థర్మోఫిలస్‌కు ఆహారమవుతాయి. బదులుగా థర్మోఫిలస్ వదిలే ఫార్మిక్ ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ బల్గారికస్ పెరుగుదలకు తోడ్పడతాయి. ఈ రెండూ కలిసి పెరిగిన పాలలో ఆమ్లం, విడివిడిగా పెరిగినప్పటికంటే త్వరగా తయారవుతుంది. కర్మాగారాలలో 42 డిగ్రీల వద్ద నాలుగైదు గంటలలోనే యోగర్ట్ తయారుచేయగలగడానికి ఈ జంటే ఆధారం. ఇంటి పెరుగుకు ఉండే కమ్మని వెన్న వాసన మరో చోటినుంచి వస్తుంది: పాలలో కొద్దిగా ఉండే సిట్రిక్ ఆమ్లాన్ని కొన్ని ల్యాక్టోకాకస్ రకాలు, లూకోనాస్టాక్ జాతులు డయాసిటైల్ అనే పదార్థంగా మారుస్తాయి. ఇవి మితమైన వేడిలో పనిచేసేవి కనుక, మరీ వెచ్చని చోట త్వరగా తోడుకున్న పెరుగులో ఆ వాసన పలచబడుతుంది.

తోడు విఫలమయ్యే సందర్భాలను లక్షణాలను బట్టి చాలావరకు గుర్తించవచ్చు. పాలు వేడిగా ఉండగానే తోడు వేస్తే, 60 డిగ్రీల వద్ద తోడులోని బ్యాక్టీరియాలో అధికభాగం చనిపోతుంది. కాచినా చావని విత్తన రూపపు వేరే బ్యాక్టీరియా తరువాత మేల్కొని, పులుపు లేకుండానే పాలను విరగ్గొట్టి చేదునిస్తుంది. చేదు విరుగుడు కనిపిస్తే వేడిని అనుమానించాలి. పెరుగులో బుడగలు, చిల్లులు, కల్లు వాసన ఉంటే ఈస్టులో, శుభ్రత లోపం వల్ల చేరిన ఇతర బ్యాక్టీరియానో వాయువును విడుదల చేశాయని అర్థం. ఆ పెరుగును తినకుండా, తోడుకు వాడకుండా పారవేయడమే మంచిది. చెంచాతో తీస్తే తీగలు సాగే పెరుగు వేరు. కొన్ని ల్యాక్టిక్ బ్యాక్టీరియా రకాలు కణం చుట్టూ జిగురు చక్కెరలను తయారుచేస్తాయి, చల్లని వాతావరణంలో ఈ లక్షణం ఎక్కువగా కనిపిస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నా పాలు అసలే తోడుకోకపోతే, పొదుగువాపుకు మందు వేసిన పశువు పాలు కలిశాయేమో చూడాలి. పెన్సిలిన్ వంటి మందు అవశేషాలు చాలా కొద్దిగా ఉన్నా ఈ బ్యాక్టీరియా పెరగదు, కాచినంత మాత్రాన ఆ అవశేషాలు పోవు.

పెద్ద డెయిరీలకు మరొక శత్రువు ఉంది. బ్యాక్టీరియాలోకి చొరబడి దానిని చంపే ఫేజ్ అనే వైరస్‌లు ఒకే రకం తోడును రోజూ టన్నుల కొద్దీ పాలలో వాడే చోట ఒక్కసారిగా విజృంభించి, పాలను పాలుగానే మిగులుస్తాయి. న్యూజిలాండ్ జున్ను కర్మాగారాలలో తోడు ఇలా విఫలం కావడానికి ఫేజ్‌లే కారణమని 1935లో వైట్‌హెడ్, కాక్స్ అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ ఈ ఫేజ్‌లను ఎలా తట్టుకుంటుందని పరిశీలించిన మరికొందరు, అది తనపై దాడిచేసిన వైరస్ జన్యువు ముక్కలను తన జన్యువులో దాచుకొని, అదే వైరస్ మళ్లీ వస్తే గుర్తుపట్టి తునకలు చేస్తుందని 2007లో ప్రయోగపూర్వకంగా చూపారు. జన్యువులను కోరినచోట కత్తిరించడానికి నేడు ప్రయోగశాలలు వాడుతున్న క్రిస్పర్ విధానం వెనుక, పెరుగు తోడుమీద జరిగిన ఈ పరిశోధన కూడా ఉంది. అనేక రకాలు కలిసి ఉండే ఇంటి తోడులో ఒక రకం ఫేజ్‌కు బలైనా మరొకటి పని కొనసాగిస్తుంది కనుక ఇళ్లలో ఈ బెడద అంతగా తెలియదు.

తెల్లవారేసరికి గడ్డకట్టిన గిన్నెలో ల్యాక్టోజ్ ఇంకా చాలావరకు మిగిలే ఉంటుంది. ఖర్చయినది సాధారణంగా నాలుగో వంతుకు మించదు. బ్యాక్టీరియా వేగాన్ని తగ్గించేది ఆకలి కాదు, అవి తయారుచేసిన ఆమ్లమే. బయట పులుపు పెరిగినప్పుడు ల్యాక్టిక్ ఆమ్లం తిరిగి కణంలోకి చొరబడుతుంది; దానిని బయటికి నెట్టడానికే కణం శక్తి ఖర్చయి, విభజనకు మిగలదు. హాని చేసే అనేక సూక్ష్మజీవులు ఈ పులుపును అంతకంటే ముందే భరించలేవు. పాలకంటే పెరుగు ఎక్కువకాలం నిలవడానికి కారణం అదే. అయితే చక్కెర మిగిలి ఉన్నందున బయట ఉంచిన పెరుగు మధ్యాహ్నానికి, సాయంత్రానికి ఇంకా పుల్లబడుతూనే ఉంటుంది. తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెడితే ఈ పని దాదాపు నిలిచిపోతుంది.

ఆ పులుపులో ఎక్కువకాలం తట్టుకోలేక ముందుగా తగ్గిపోయేది కమ్మదనాన్నిచ్చే ల్యాక్టోకాకస్. ఎక్కువ ఆమ్లాన్ని భరించే ల్యాక్టోబాసిల్లస్ జాతులు మిగులుతాయి. కాబట్టి రెండు మూడు రోజులు పులిసిన పెరుగును తోడుగా వేస్తే, చెంచాలోని పులుపు మాత్రమే కాక, త్వరగా పుల్లబరిచే జాతుల ఆధిక్యం కూడా కొత్త పాలకు సంక్రమిస్తుంది. పులిసిన పెరుగునే వెంటవెంటనే అలా తోడుగా వాడుతూపోతే ఆ ఇంటి పెరుగు రుచే మారిపోతుంది. రేపటి తోడుకు కావలసిన చెంచాను ఈ ఉదయం తోడుకున్న పెరుగు నుంచి, మీగడ కింది గట్టి భాగం నుంచి, పొడి చెంచాతో ముందుగానే తీసి, మూత ఉన్న చిన్న గిన్నెలో ఫ్రిజ్‌లో ఉంచడం సరైన పద్ధతి. రాత్రి పాలు చిటికెనవేలికి వెచ్చగా తగిలే వేడికి, అంటే సుమారు 40 డిగ్రీలకు, చల్లారినప్పుడు దానిని చిలికి కలిపితే సరిపోతుంది.